ఎనిమిది వేసి ఊరుకోకండి

ఉద్యోగం రాలేదని మెయిల్ వచ్చిన మర్నాడో, మరో రెండ్రోజులకో ఇంకో మెయిల్ వస్తుంది. "మా ఇంటర్వ్యూల్లో మీ అనుభవం ఎలా ఉందో చెప్పండి, మూడు నిమిషాలు చాలు" అని. కింద ఒక లింకు. తెరిస్తే సున్నా నుంచి పది దాకా అంకెల వరస, ఆ తర్వాత ఐదేసి చుక్కల ప్రశ్నలు నాలుగైదు, అట్టడుగున ఒక ఖాళీ పెట్టె. పెట్టె మీద "ఇంకా ఏమైనా చెప్పదలచుకుంటే" అని ఉంటుంది. మన పిల్లల్లో చాలామంది ఆ మెయిల్ తెరవనే తెరవరు. తెరిచినవాళ్లు అంకెలు నొక్కేసి, పెట్టె ఖాళీగా వదిలేసి పంపేస్తారు. హైదరాబాదులో నియామకాల విభాగంలో ఏళ్ల తరబడి ఆ జవాబులు చదవడమే పనిగా ఉండి, ఇప్పుడు అమలాపురం వచ్చి స్థిరపడ్డ మనిషిని నేను. చదివేవాళ్లకు పనికొచ్చే సరుకంతా ఆ పెట్టెలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం.

ముందు అంకె సంగతి చెబుతాను. "మా సంస్థలో ఉద్యోగానికి ప్రయత్నించమని మీ స్నేహితులకు ఎంతవరకు చెబుతారు?" అన్న ప్రశ్న నియామకాల వాళ్లు పుట్టించింది కాదు. ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికన్ సలహాదారు 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాస్తూ, సరుకు కొన్నవాళ్లను అడగవలసిన ప్రశ్న ఇదొక్కటేనన్నాడు. తర్వాత అదే ప్రశ్నను ఉద్యోగానికి వచ్చినవాళ్లకూ వేయడం మొదలైంది. దాని లెక్క వేరుగా ఉంటుంది. తొమ్మిది, పది వేసినవాళ్లు మెచ్చుకున్నవాళ్లు. సున్నా నుంచి ఆరు దాకా వేసినవాళ్లు నొచ్చుకున్నవాళ్లు. ఏడు, ఎనిమిది వేసినవాళ్లు ఎటూ కారు. మెచ్చుకున్నవాళ్ల శాతంలోంచి నొచ్చుకున్నవాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. ఇరవైమంది జవాబిచ్చారనుకోండి. ఎనిమిదిమంది తొమ్మిదో పదో వేశారు, ఐదుగురు ఆరో, అంతకంటే తక్కువో వేశారు, మిగిలిన ఏడుగురూ మధ్యలో ఉన్నారు. నలభైలోంచి పాతిక పోతే పదిహేను. ఆ పదిహేనే పైవాళ్ల ముందుకు వెళ్తుంది.

ఇక మన పిల్లల సంగతి చూడండి. పదికి ఎనిమిది అంటే మనకు డిస్టింక్షన్. ఆరు అంటే ఫస్ట్ క్లాసు. "బాగానే ఉంది" అనుకుంటూ ఎనిమిది వేసిన పిల్లవాడు ఆ లెక్కలో మెచ్చుకున్నవాడు కాలేదు. "పర్వాలేదు" అనుకుంటూ ఆరు వేసిన పిల్ల నొచ్చుకున్నవాళ్లలో చేరిపోయింది. మార్కులు వేసే అలవాటు ఒకరిది, కూడికలు తీసివేతలు ఇంకొకరివి. అందుకే అంకె ఒక్కటే పంపితే మనం అన్న మాట అవతలికి చేరదు. స్కోరు పోయిన మూడు నెలల కంటే ఐదు తగ్గిందంటే, ఎక్కడో ఏదో జరిగిందని తెలుస్తుంది. ఎక్కడ, ఏం జరిగిందన్నది మాత్రం అంకె చెప్పదు. ఆ సమావేశాల్లో కూర్చున్నదాన్ని బట్టి చెబుతున్నాను: అంకె తెరమీద కనబడగానే ఎవరికి తోచిన కారణం వాళ్లు చెబుతారు. ఎవరైనా ఒక అభ్యర్థి రాసిన నాలుగు వాక్యాలు పైకి చదివాకే ఊహలు ఆగి, పనిలో పడతారు.

అసలు ఎందుకు అడుగుతారని అడిగేవాళ్లుంటారు. ఉద్యోగం ఇవ్వనివాళ్ల మనసుతో వాళ్లకేం పని? బ్రిటన్‌లో వర్జిన్ మీడియా అనే టీవీ, ఇంటర్నెట్ సంస్థ పదేళ్ల కిందట ఈ లెక్క తీసింది. తమ దగ్గర ఉద్యోగానికి వచ్చి తిరిగివెళ్లినవాళ్లలో కొంతమంది అంతకుముందే తమ ఖాతాదార్లు. ఇంటర్వ్యూలో జరిగిన తీరుకు మనసు విరిగి వాళ్లు కనెక్షన్ తీయించుకుని వెళ్లిపోతున్నారు. దాని వల్ల ఏడాదికి సుమారు 44 లక్షల పౌండ్ల నష్టమని తేలింది. అప్పట్నుంచి నియామకాల వాళ్లకు మర్యాద నేర్పే పాఠాల్లో ఆ సంస్థ పేరు తప్పకుండా వస్తుంది. అడిగేవాళ్లకు మన జవాబు నిజంగానే కావాలి. కాకపోతే వాళ్లు పనిచేయగలిగేలా ఇవ్వాలి.

అక్కడే మనకు చిక్కు వస్తుంది. మా కోనసీమలో ఎదుటి మనిషి మొహం మీద లోపం చెప్పడం మర్యాద కాదు. పెళ్లి భోజనాల దగ్గర ఇంటాయన వంగి "ఎలా ఉందండీ?" అంటే "ఆయ్, బ్రహ్మాండంగా ఉందండీ" అంటాం. కారెక్కాక "పనసపొట్టు కూరలో ఆవ మరీ ఎక్కువేశాడు" అంటాం. ఆ మాట వంటాయన చెవిన పడదు, రేపు పెళ్లికి కూడా ఆవ అంతే పడుతుంది. ఇది మన ఒక్కళ్ల తీరే కాదు. సర్వే చేసేవాళ్ల ముందు జనం మొహమాటపడతారని, అడిగినవాళ్లకు నచ్చే జవాబే చెబుతారని ఎమిలీ జోన్స్ అనే పరిశోధకురాలు ఆగ్నేయాసియా దేశాల సర్వేల గురించి 1963లోనే రాసింది. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఎదుట మనిషి లేకపోయినా మొహమాటం మనతోనే ఉంటుంది. పైగా "మళ్లీ ఎప్పుడైనా అక్కడే ప్రయత్నించాలేమో" అన్న భయం ఒకటి. అందుకని అన్నిటికీ ఐదు చుక్కలు పెట్టేసి పంపుతారు. లేదంటే మొహమాటం ఒక్కసారిగా తెగి, ఉన్న కోపమంతా ఆ పెట్టెలో పడేస్తారు. ఈ రెండు రకాల జవాబులూ చదివేవాడికి ఒక్కలాగే నిరుపయోగం.

మా అన్నయ్యగారమ్మాయిది కొత్తపేట. బీటెక్ అయి ఏడాది దాటింది. హైదరాబాదులో ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష, వీడియో ఇంటర్వ్యూ దాటి, ఆఫీసుకు పిలిస్తే వెళ్లి వచ్చింది. ఉద్యోగం రాలేదు. సర్వే లింకు వచ్చిన సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెట్టెలో అప్పటికే మూడు వాక్యాలు టైపు చేసి ఉంచింది. అవి తెలుగులో చెప్పాలంటే ఇలా ఉన్నాయి: "చాలా చెత్త అనుభవం. అభ్యర్థుల టైమంటే మీకు లెక్కలేదు. ఎవర్ని తీసుకోవాలో ముందే అనుకుని మమ్మల్ని ఊరికే తిప్పారు."

ఆమె బాధలో అబద్ధం లేదు. కానీ ఆ మూడు వాక్యాలూ చదివే మనిషి స్థానంలో నేను చాలాకాలం కూర్చున్నాను. మొదటి వాక్యం తీర్పు, దానికి ముందు సాక్ష్యం లేదు. రెండోది ఎదుటివాళ్ల మనసులో ఏముందో చెప్పడం. అది ఆమెకు తెలిసే వీల్లేదు. మూడోది అనుమానం. మూడింటిలోనూ ఒక తారీఖు గానీ, ఒక గంట గానీ, మార్చగల పని గానీ లేదు. చదివినావిడ "పాపం, ఉద్యోగం రాలేదని కోపం" అనుకుని తరవాతి జవాబులోకి వెళ్లిపోతుంది.

"జరిగింది చెప్పమ్మా, తారీఖులతో సహా" అన్నాను.

"మెయిల్స్ అన్నీ ఉన్నాయి బాబాయ్" అని ఫోన్లో వరసగా తెరిచింది.

ఆఫీసు ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున్న పదింటికని, ముందురోజు సాయంత్రం ఐదు దాటాక మెయిల్ వచ్చింది. హైదరాబాదులో ఉన్న మనిషికి అది పెద్ద విషయం కాదు. కొత్తపేటలో ఉన్న పిల్లకు అది గుండెల్లో రాయి. కాకినాడ నుంచి వచ్చే రైలు మార్గం కోటిపల్లిలో, గౌతమి అవతలి గట్టునే ఆగిపోతుంది. నది దాటి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లవలసిన లైను ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి కొత్తపేట నుంచి రావులపాలెం వెళ్లి, హైవే మీద రాత్రి బస్సు పట్టుకోవాలి. సీటు చిట్టచివరి వరసలో దొరికింది. ఎల్బీనగర్‌లో దిగి, స్నేహితురాలి హాస్టల్లో మొహం కడుక్కుని, మెట్రోలో అమీర్‌పేటలో మారి, పదింటికి ఆఫీసు గుమ్మంలో ఉంది. లోపలికి పిలిచేసరికి పదకొండున్నర దాటింది. ఆలస్యం ఎందుకైందో ఎవరూ చెప్పలేదు. లోపల నలభై నిమిషాలు మాట్లాడితే సగానికి పైగా సెలీనియం అనే ఆటోమేషన్ టూల్ మీద ప్రశ్నలు. ఉద్యోగ ప్రకటన తెరిచి చూశాం. అందులో మాన్యువల్ టెస్టింగ్ అనే ఉంది, సెలీనియం పేరే లేదు. వారంలో చెబుతామన్నవాళ్లు మూడు వారాలు దాటాక చెప్పారు.

ఇంకొక సంగతి ఆమె చెప్పడం మరిచిపోయింది, మెయిల్స్‌లో నాకు కనబడింది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. ఆమె మెయిల్ పెట్టిన పది నిమిషాల్లో రిక్రూటర్ ఫోన్ చేసి, సాయంత్రానికి లింకు మళ్లీ తెరిపించింది. "ఆవిడ చాలా మంచిది బాబాయ్" అంది మా అమ్మాయి. మరి ఆ మాట పెట్టెలో ఎక్కడుంది?

సాయంత్రం ఐదు గంటల మెయిల్ ఎలా పుడుతుందో ఆమెకు చెప్పాను. రిక్రూటర్ పొద్దున్నే "రేపు ఎప్పుడు వీలు?" అని మేనేజర్‌ని అడుగుతుంది. ఆయన మీటింగులన్నీ అయ్యాక సాయంత్రం "పదికి సరే" అంటాడు. అనగానే సిస్టం దానంతటదే అభ్యర్థికి మెయిల్ కొట్టేస్తుంది. ఆ సిస్టానికి గోదావరి తెలియదు. ఇక్కడ లెక్కలేనితనం ఎవరిదీ కాకపోవచ్చు, ఆ మెయిల్‌ను ఆపి చూసే మనిషి లేదంతే. "మీకు లెక్కలేదు" అని రాస్తే రిక్రూటర్ నొచ్చుకుంటుంది. అదే ఏ గంటకు మెయిల్ వచ్చిందో, ఏ గంటకు హాజరు కావాలో రాస్తే, ఆ కాగితం పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లి "చూడండి, అందుకే రెండ్రోజుల ముందు చెప్పమంటున్నాను" అనగలుగుతుంది. చాలాసార్లు రిక్రూటర్ ఎన్నాళ్లుగానో లోపల పోరుతున్న మాటే అయ్యుంటుంది అది. అభ్యర్థి కలం నుంచి వస్తే దానికి బలం వస్తుంది.

ఇక్కడ ఏం రాయాలన్నది ఎంచుకోవడం కూడా ముఖ్యమే. ఆ పెట్టెలో ఐదొందల అక్షరాలకు మించి పట్టవు. నాలుగు ఫిర్యాదులు కుక్కితే ఒక్కటీ నిలవదు. గంటన్నర కూర్చోబెట్టినందుకు "సమయపాలన" అన్న ప్రశ్న పైనే ఉంది, అక్కడ రెండు చుక్కలు వేసింది. ఫలితం ఆలస్యానికీ వేరే ప్రశ్న ఉంది. పెట్టెకు మిగిలినవి రెండు: తక్కువ గడువు, ప్రకటనకూ ప్రశ్నలకూ పొంతన లేకపోవడం. రెండోది సంస్థకే ఎక్కువ నష్టం. సెలీనియం వచ్చినవాళ్లు కావాలనుకుని, ఆ మాట ప్రకటనలో రాయకపోతే, వచ్చినవాళ్లు ఆ ప్రకటన చూడగానే దాటిపోతారు, రానివాళ్లు రాత్రంతా బస్సులో వస్తారు.

గంటసేపు కూర్చుని ఆమె తిరిగి రాసింది. రాసింది ఇంగ్లిషులోనే, ఎందుకంటే అవతల చదివేవాళ్లకు తెలుగు వస్తుందన్న నమ్మకం లేదు. చిన్న చిన్న వాక్యాలు. మన భాషలో చెబితే ఇది:

"ఆన్‌లైన్ పరీక్షలో కరెంటు పోయినప్పుడు మీ రిక్రూటర్ వెంటనే ఫోన్ చేసి లింకు మళ్లీ ఇప్పించారు, కృతజ్ఞతలు. ఆఫీసు ఇంటర్వ్యూ పదింటికని ముందురోజు సాయంత్రం ఐదు దాటాక తెలిసింది. నేను రాత్రంతా బస్సులో రావలసిన ఊళ్లో ఉంటాను. బయట ఊళ్ల వాళ్లకు రెండు పనిదినాల ముందు చెప్పడమో, మధ్యాహ్నం సమయం ఇవ్వడమో వీలైతే బాగుంటుంది. ప్రకటనలో మాన్యువల్ టెస్టింగ్ అని ఉంది, ప్రశ్నల్లో సగానికి పైగా సెలీనియం మీద వచ్చాయి. అది అవసరమైతే ప్రకటనలో చేర్చగలరు."

ఇందులో తీర్పు చెప్పే విశేషణం ఒక్కటీ లేదు చూడండి. "చెత్త", "దారుణం" అన్నవి లేవు, అలాగని మెత్తబరచడమూ లేదు. ఏం జరిగిందో ఉంది, దాని వల్ల తనకేమైందో ఉంది, ఏం మారిస్తే సరిపోతుందో ఉంది. మెచ్చుకోలు మొదట పెట్టింది ముఖస్తుతికి కాదు. ఆ రిక్రూటర్ చేసిన పని ఎవరూ రాయకపోతే పైవాళ్లకు తెలియదు. తెలియని మంచి పనిని రేపు "టైం వేస్టు" అని ఎవరైనా తీయించేయవచ్చు. "అంతా బాగుంది" అన్న మెచ్చుకోలు కూడా "అంతా చెత్త" అన్నంత గుడ్డిదే. ఏది బాగుందో చెప్పాలి.

మొదట ఆమె "కోనసీమ నుంచి" అని రాసింది. నేనే ఒకసారి ఆలోచించుకోమన్నాను. జవాబుల్లో పేరు కనబడదని ఆ సర్వే పైన రాసి ఉంది. అలా రాసినచోట చాలావరకు పేరు చూపించరు కూడా. కానీ ఆ నెలలో ఆ ఉద్యోగానికి గౌతమికీ వసిష్ఠకూ మధ్య నుంచి వెళ్లిన పిల్ల తనొక్కతే అయితే, ఊరి పేరే ఆమె పేరు. కచ్చితంగా రాయడానికీ పేరు దాచుకోవడానికీ మధ్య ఈ పేచీ ఎప్పుడూ ఉంటుంది. మార్చవలసిన సంగతికి అవసరమైన వివరం ఉంచి, మనిషిని పట్టించే వివరం తీసేయడం నాకు తెలిసిన మార్గం. ఇక్కడ కావలసింది "రాత్రి ప్రయాణం" అన్న ముక్క, ఊరి పేరు కాదు. ఆమె మార్చింది. "తెలిసినా పర్వాలేదు బాబాయ్, ఇందులో తప్పేముంది?" అంది కూడా. మర్యాదగా రాసినవాళ్లకు ఆ ధైర్యం దానంతటదే వస్తుంది.

అంకె దగ్గర మాత్రం నేను చెయ్యి పెట్టలేదు. మొదట రెండు వేసింది. "మీ చెల్లెలు అక్కడ ప్రయత్నిస్తానంటే ఏమంటావు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "వెళ్లమనే అంటాను, కానీ ప్రకటనలో లేనివి ఏమడుగుతారో ముందే ఫోన్ చేసి కనుక్కోమంటాను" అంది. ఆరు చేసింది. ఆరు ఏ లెక్కలో పడుతుందో అప్పటికి ఆమెకు తెలుసు.

ఆ పెట్టెలో రాయకూడనివీ ఉన్నాయి. నాకెందుకు రాలేదు, ఇంకోసారి చూడండి అన్న మాట అక్కడ దండగ. పేరు తీసేసి చదివే చోట ఫలితం ఎవరు మారుస్తారు? ఆ సంగతి రిక్రూటర్‌కే వేరే మెయిల్‌లో, క్లుప్తంగా, గౌరవంగా అడగాలి. అలాగే ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు చేసుకుంటావు, చేసుకున్నాక మానేస్తావా?" లాంటి ప్రశ్న ఎదురైతే దాన్ని సర్వేతో సరిపెట్టకూడదు. అన్నవాళ్లు ఎవరో, ఏ రోజో, అన్న మాట అన్నట్టుగా రాసి సంస్థ హెచ్‌ఆర్‌కు పేరుతో సహా పంపాలి. సర్వే జవాబులు కొన్నిచోట్ల నెలకోసారి, మూడు నెలలకోసారి గంపగుత్తగా చదువుతారు. అంతదాకా ఆగే విషయం కాదది. ఇక సర్వే పేరుతో ఆధార్ నంబరో, బ్యాంకు ఖాతానో, ఓటీపీనో అడిగితే అది సర్వేనే కాదు, మూసేసి 1930కి ఫోన్ చేయాలి. రాజోలు, అమలాపురం పిల్లల దగ్గర ఉద్యోగం పేరుతో డబ్బు గుంజేవాళ్లు ఈ దారిలో కూడా రాగలరు.

మా ప్రాంతం పిల్లలు ఇవన్నీ రాయవలసిన అవసరం ఇంకొకటి ఉంది. 2022 మే 24 అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గోదావరి గట్ల వెంట సిగ్నల్ వెతుక్కున్నారు. ఆ రోజుల్లో ఎవరికైనా వీడియో ఇంటర్వ్యూ ఉండి ఉంటే, అవతలి రికార్డులో "హాజరు కాలేదు" అన్న రెండు మాటలే ఉంటాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్న మనిషికి ఇక్కడి రేవులు, కరెంటు, రాత్రి బస్సులు వాటంతటవి తెలియవు. చెప్పేదాకా తెలియవు. రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి రైలెక్కే పిల్లవాడి ప్రయాణం ఏ సిస్టంలోనూ ఒక గడిగా ఉండదు. అతను రాసే వాక్యంలోనే ఉంటుంది.

మా అమ్మాయికి ఆ సంస్థ నుంచి జవాబేమీ రాలేదు. ఇలాంటి వాటికి సాధారణంగా రాదు, రాలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రాసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కోపం ఉన్న పూట రాయకండి, అలాగని వారం దాటనివ్వకండి. మెయిల్స్ ముందు పెట్టుకుని, ఫోన్ నోట్స్‌లో రాసుకుని, ఒకసారి పైకి చదువుకుని అప్పుడు పెట్టెలో వేయండి. ఇక నియామకాల పనిలో ఉన్న నా పాత సహోద్యోగులకు ఒక విన్నపం: మీ పిలుపు మెయిల్‌లో "ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎంతసేపు పడుతుంది?" అన్న ఒక్క ప్రశ్న ముందే చేర్చండి. రావులపాలెంలో సీటున్న బస్సు దొరకాలంటే కనీసం ముందురోజు మధ్యాహ్నానికి తెలియాలి.